ఫిల్టర్ ఎక్కడ ఆపాలో కంటికి తెలియదు

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఏదైనా ఫొటో యాప్‌లో మీ సెల్ఫీ ఒకటి తెరిచి, చర్మాన్ని నున్నగా చేసే స్లైడర్‌ని 60 దాకా జరపండి. ఒక నిమిషం పాటు ఆ ముఖాన్నే చూస్తూ ఉండండి. తర్వాత ఒక్కసారిగా సున్నాకి లాగేయండి. ముక్కు పక్కన గుంటలు, కళ్ళ కింద నలుపు, గడ్డం మీది పాత మచ్చ, అన్నీ ఇందాకటికన్నా ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. ఫొటో ఏమీ మారలేదు. చూసే కన్ను మారింది.

బ్యూటీ ఫిల్టర్ల మీద నా వాదనంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. "మరీ ఎక్కువ వాడకండి, సహజంగా ఉండేలా చూసుకోండి" అని సలహా ఇవ్వడం తేలికే. కానీ ఎంతవరకు సహజమో తేల్చాల్సింది ఎవరు? అదే ఫిల్టర్‌ని చూసి చూసి అలవాటు పడిపోయిన కన్నే కదా. అందుకే స్లైడర్ ఎంత దూరం జరగాలన్నది ఆ క్షణంలో కంటికి నచ్చినదాన్ని బట్టి నిర్ణయించకూడదంటాను. హద్దులు ముందే గీసుకుని, ఆ తర్వాతే ఫొటో తెరవాలి.

కన్ను ఎలా జరుగుతుంది

ఎండలోంచి గదిలోకి అడుగుపెట్టగానే అంతా చీకటిగా కనిపిస్తుంది. కాసేపటికి అదే గది మామూలుగా అనిపిస్తుంది. ముఖాల విషయంలోనూ మెదడు దాదాపు ఇదే పని చేస్తుంది. 1999లో వెబ్‌స్టర్, మెక్‌లిన్ అనే పరిశోధకులు కొందరికి కంప్యూటర్‌లో నొక్కినట్టు, సాగదీసినట్టు మార్చిన ముఖాలు చూపించారు. అవి చూశాక ఏ మార్పూ చేయని మామూలు ముఖం చూపిస్తే, అది వ్యతిరేక దిశలో వంకరపోయినట్టు కనిపించింది. సాగదీసిన ముఖం చూసినవాళ్ళకు మామూలు ముఖం నొక్కుకుపోయినట్టు, నొక్కిన ముఖం చూసినవాళ్ళకు సాగిపోయినట్టు అనిపించింది. దీనికి ఏళ్ళ తరబడి అలవాటు అక్కర్లేదు, కొద్ది నిమిషాలు చాలు.

దీన్ని సెల్ఫీకి అన్వయించి చూడండి. దవడ సన్నం చేసిన ముఖాన్ని రోజూ తెర మీద చూస్తుంటే, అద్దంలో కనిపించే అసలు దవడ వెడల్పుగా తోస్తుంది. గుంటలు చెరిపేసిన చర్మం కంటికి అలవాటైతే, ఆరోగ్యంగా ఉన్న మామూలు చర్మం కూడా గరుకుగా తోస్తుంది. "నేను ఫొటోలో బాగుంటాను, బయట బాగుండను" అనే మాట చాలావరకు ఇక్కడే పుడుతుందని నా నమ్మకం.

దీని కింద ఇంకో పొర ఉంది. 2008లో ఎప్లీ, విట్‌చర్చ్ చేసిన అధ్యయనంలో, కొందరి ఫొటోలనే కొంచెం అందంగానూ కొంచెం అందవిహీనంగానూ మార్చి, అన్నిటినీ కలిపి ముందు పెట్టి, "ఇందులో మీ అసలు ఫొటో ఏది?" అని అడిగారు. జనం కాస్త అందంగా మార్చినదాన్నే తమదని ఎంచుకోవడం వైపు మొగ్గారు. అంటే ఫిల్టర్ ఏదీ లేకముందే మన మనసులో మన ముఖం ఒక మెట్టు పైన ఉంటుంది. ఆ మెట్టు వరకు మనసు తనంతట తానే సర్దుకుంటుంది. ఫిల్టర్ దాని మీద ఇంకో మూడు నాలుగు మెట్లు కట్టేస్తుంది, అక్కడికి అద్దం ఎక్కలేదు.

"అది ఫిల్టర్ అని నాకు తెలుసు కదా, నన్నేం చేస్తుంది" అనే వాదన తరచూ వింటుంటాం. తెలిసినంత మాత్రాన కన్ను అలవాటు పడటం ఆగదు. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు నుంచి, మోడళ్ళ శరీరాన్ని సన్నంగానో లావుగానో మార్చిన వాణిజ్య ఫొటోలకు ఆ సంగతి రాయాలన్న నిబంధన ఉంది. నార్వేలో 2022 జులై నుంచి ప్రకటనల్లో ఇలాంటి చట్టమే అమల్లోకి వచ్చింది. చూసేవాళ్ళను మోసం చేయకుండా అవి కొంత పని చేయొచ్చు. మన ఫొటోని మనమే మార్చుకున్నప్పుడు మాత్రం ఏ లేబులూ అక్కరకు రాదు, ఎందుకంటే అక్కడ తెలియనిదంటూ ఏమీ లేదు. 2018లో మిల్స్ బృందం చేసిన ప్రయోగంలో సెల్ఫీ తీసుకుని పోస్ట్ చేసిన యువతులు, పోస్ట్ చేయనివాళ్ళకన్నా ఎక్కువ ఆందోళనతో, తక్కువ ఆత్మవిశ్వాసంతో కనిపించారు. ఫొటోని దిద్దుకునే వీలు ఇచ్చినా ఆ నష్టం తప్పలేదు.

చర్మం నున్నన చేయడం వేరు, ముఖం మలచడం వేరు

యాప్‌లు ఈ రెండిటినీ ఒకే వరసలో పెడతాయి గానీ, రెండిటి ప్రభావం ఒకటి కాదు. చర్మం కొంచెం నున్నగా కనిపించడం అనేది మంచి వెలుతురులోనో మేకప్‌తోనో నిజ జీవితంలో కూడా జరిగేదే. ముక్కు సన్నం చేయడం, కళ్ళు పెద్దవి చేయడం, దవడ కోయడం అలాంటివి కావు. ఆ ముఖం ఏ వెలుతురులోనూ ఏ అద్దంలోనూ ఎదురుపడదు. 2018లోనే అమెరికా చర్మవైద్యులు కొందరు ఒక వైద్య పత్రికలో రాశారు: సినిమా తారల ఫొటోలు కాకుండా, ఫిల్టర్ వేసిన తమ సెల్ఫీలే పట్టుకుని "నన్ను ఇలా చేయండి" అని ఆపరేషన్లకు వచ్చేవాళ్ళు కనిపిస్తున్నారని. అందుకే నా మొదటి హద్దు బేరం లేనిది. ఆకారం మార్చే స్లైడర్లన్నీ సున్నా. ఐదు కూడా కాదు, సున్నా.

ఇక్కడ చాలామంది ముక్కు సంగతి ఎత్తుతారు. "సెల్ఫీలో నా ముక్కు నిజంగానే పెద్దగా వస్తోంది, దాన్ని సరిచేయడం తప్పా?" అని. నిజమే, పెద్దగానే వస్తుంది. కానీ తప్పు ముక్కుది కాదు, దూరానిది. ముక్కు కొన నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 దగ్గర ఉన్నట్టు. దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెరిగిపోతుంది. అదే ఫోన్‌ని 150 సెంటీమీటర్ల దూరానికి తీసుకెళ్తే లెక్క 162కి 150, అంటే 1.08 రెట్లే. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం కూడా 30 సెంటీమీటర్ల సెల్ఫీలో ముక్కు వెడల్పు, మీటరున్నర నుంచి తీసినదానికన్నా దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని లెక్కగట్టింది.

కాబట్టి ముక్కు స్లైడర్‌తో చేసేది దిద్దుబాటు కూడా కాదు. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెరగడంతో పాటు నుదురు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి జారి దాక్కుంటాయి, ముఖం నిలువుగా సాగినట్టవుతుంది. ముక్కు ఒక్కటే కోసేస్తే మిగతా వంకరంతా అలాగే ఉండిపోయి, ముఖంలో ఏదో అతకని తేడా మిగులుతుంది. ఫోన్‌ని ఎక్కడైనా ఆనించి, టైమర్ పెట్టి, మీటరున్నర దూరంలో నిలబడి, వెనక కెమెరాతో 2 రెట్ల జూమ్‌లో తీయండి. చాలామందికి స్లైడర్ అవసరం అక్కడితో తీరిపోతుంది.

నున్నన చేసే స్లైడర్ అసలేం చెరిపేస్తుంది

ఈ స్లైడర్ చర్మం అనుకున్న చోట చిన్న చిన్న వెలుగునీడల తేడాలను సగటు చేసి పూసేస్తుంది. కళ్ళు, కనుబొమలు, పెదాల అంచుల్లాంటి గట్టి గీతల దగ్గర ఆగుతుంది. చిక్కేమిటంటే, దానికి మొటిమకూ చర్మరంధ్రానికీ తేడా తెలియదు. రెండూ చిన్న నీడలే. పెద్ద మచ్చ పోవాలంటే బాగా పూయాలి. అంతకన్నా చిన్నవైన చర్మరంధ్రాలు, నూగు వెంట్రుకలు, నవ్వు గీతలు ఈ క్రమంలో దానికన్నా ముందే పోతాయి. ఒక మొటిమ కోసం స్లైడర్ జరిపితే ముఖమంతా మైనం ముద్ద అవుతుంది, మొటిమ మాత్రం మసకగా ఇంకా అక్కడే ఉంటుంది. మొటిమ పోలేదని ఇంకొంచెం జరుపుతారు. అసలు గొడవంతా ఆ "ఇంకొంచెం"లోనే ఉంది.

చామనఛాయ, నలుపు చర్మాలకు నష్టం ఇంకొంచెం ఎక్కువ. ముదురు చర్మం మీద నుదుటి మెరుపు, చెంప ఎముక మెరుపు ముఖానికి ఆకారం ఇస్తాయి. వాటిని పూసేస్తే ముఖం చప్పిడిగా మారుతుంది, లేదా మెరుపు జిడ్డు మరకలా చుట్టూ పాకుతుంది. దానికి తోడు చాలా ఫిల్టర్లు అడగకుండానే చర్మాన్ని తెల్లబరుస్తాయి. రంగులోని ఎరుపు, పసుపు ఛాయలు తగ్గి వెలుతురు మాత్రమే పెరిగితే గోధుమ రంగు చర్మం తెల్లగా కాదు, బూడిదగా అవుతుంది. పనితనం లెక్కన చూసినా ఇది చెడ్డ ఎడిటింగే. మనసుకు చేసే చెరుపు సంగతి వేరే చెప్పాలా.

ఒక ఫొటో తీసుకుని చేసి చూద్దాం

ముప్పై అయిదేళ్ళ వ్యక్తి, చామనఛాయ, గదిలో ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటో అనుకోండి. గడ్డం మీద కొత్తగా వచ్చిన మొటిమ, నిద్ర చాలక కళ్ళ కింద నలుపు, ముక్కు పక్కన చర్మరంధ్రాలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, నవ్వు గీతలు ఉన్నాయి. చర్మం మొత్తం కాస్త ఆకుపచ్చగా, నీరసంగా కనిపిస్తోంది.

ముందు కెమెరా సంగతి. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ఎంతో కొంత ముందే ఆన్ అయి ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో దాన్ని వెతికి సున్నా చేయండి, లేకపోతే అసలు ఫొటో అనుకుని తెరిచేది అప్పటికే ఎడిట్ అయిపోయిన ఫొటో అవుతుంది. 2020లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో సెల్ఫీ రీటచింగ్‌ని ముందుగా ఆఫ్‌లోనే ఉంచుతామని ప్రకటించింది. మీ ఫోన్ కూడా అలాగే ఉందని అనుకోకండి, చూసుకోండి.

తర్వాత రంగు. చర్మాన్ని ముట్టుకోకముందే ఇది చేయాలి, ఎందుకంటే నీరసంగా కనిపించడానికి సగం కారణం ట్యూబ్‌లైట్ ఆకుపచ్చ ఛాయే. ఫొటోలో తెల్లటి వస్తువు ఏదైనా ఉంటే, అది తెల్లగా కనిపించేవరకు ఆకుపచ్చ, గులాబీ ఛాయల మధ్య జరిగే టింట్ స్లైడర్‌ని గులాబీ వైపు జరపండి. ఇలాంటి ఫొటోకి 5 నుంచి 10 సరిపోవచ్చు. వెలుతురు తక్కువైతే ఎక్స్‌పోజర్ 0.3 దాకా పెంచండి. ఇది ఫొటో మొత్తానికీ చేసే మార్పు కాబట్టి ముఖం, మెడ, చేతులు, గోడ అన్నీ కలిసి మారతాయి. ముఖాన్ని మాత్రమే వెలిగించే స్లైడర్ జోలికి వెళ్ళొద్దు.

ఇప్పుడు మచ్చలు. దేన్ని తీయొచ్చు, దేన్ని ఉంచాలి అనేదానికి రీటచింగ్ చేసేవాళ్ళలో ఒక పాత సూత్రం ఉంది: రెండు వారాల్లో తనంతట తానే పోయేదాన్ని తీయొచ్చు, పోనిదాన్ని ఉంచాలి. మొటిమ, గీరుకున్న గాటు, దోమకాటు మొదటి రకం. పుట్టుమచ్చ, పాత గాయం మచ్చ, నవ్వు గీత రెండో రకం. ఈ సూత్రం నాకెందుకు నచ్చుతుందంటే, ఇందులో నచ్చడం, నచ్చకపోవడం అనే ప్రశ్నే లేదు. అద్దంలో వచ్చే నెల కనిపించబోయే ముఖమే ఫొటోలోనూ ఉంటుంది.

మొటిమకు, పక్కనున్న చర్మంతో మచ్చని కప్పే హీలింగ్ బ్రష్ వాడండి, నున్నన చేసే స్లైడర్ కాదు. బ్రష్ మొటిమకన్నా కొంచెమే పెద్దగా ఉండాలి. చర్మాన్ని అరువు తెచ్చే చోటు పక్కనే, అదే వైపు వెలుతురు పడేచోట ఉండాలి. గడ్డం నీడలోని మచ్చకు చెంప వెలుగులోంచి చర్మం తెస్తే మచ్చ స్థానంలో తెల్లటి బిళ్ళ కనిపిస్తుంది. జూమ్ 100 శాతం దాటకండి. 300 శాతంలో కనిపించే గుంటలను మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఎప్పటికీ చూడలేడు. కానీ అక్కడ వాటిని చూశాక మీరు మర్చిపోలేరు.

కళ్ళ కింద నలుపుని పూర్తిగా తీయకండి, సగానికి తగ్గించండి. మెత్తటి బ్రష్‌తో ఆ చోట ఎక్స్‌పోజర్ 0.2 లేదా 0.3 పెంచితే చాలు. అక్కడి గీతలను మసకబరచొద్దు. కంటి కింద పల్లం నీడ వల్లే కన్ను ముఖంలో కూర్చున్నట్టు ఉంటుంది. నీడ పూర్తిగా పోతే కన్ను కాగితం మీద అతికించినట్టు తేలిపోతుంది.

చివరికి చర్మం. ఇక్కడికి వచ్చేసరికి చేయాల్సింది పెద్దగా మిగలదు, అదే మనకు కావాల్సింది. లైట్‌రూమ్ లాంటి యాప్‌లో ముఖం చర్మాన్ని మాత్రమే మాస్క్‌గా ఎంచుకుని `Texture` మైనస్ 10 నుంచి మైనస్ 15 మధ్య పెట్టండి. `Clarity` తగ్గించకండి, దాన్ని తగ్గిస్తే ముఖం చుట్టూ పొగ కమ్మినట్టవుతుంది. ఒకే ఒక్క స్లైడర్ ఉండే యాప్‌లలో 10, 15 దగ్గర మొదలుపెట్టండి. ఒక యాప్‌లో 20 అంటే ఇంకో యాప్‌లో 40 అయి ఉండొచ్చు, కాబట్టి అంకెకన్నా ఆనవాళ్ళను నమ్మండి. 100 శాతం జూమ్‌లో ముక్కు పక్కన చర్మరంధ్రాలు ఇంకా కనిపించాలి. పక్క నుంచి వెలుతురు పడుతుంటే చెంప అంచున నూగు వెంట్రుకలు కనిపించాలి. రెండిట్లో ఏది పోయినా వెనక్కి రండి.

ఇక్కడితో ఫొటో మూసేయండి. అప్పుడే పోస్ట్ చేయకండి. ఇంతసేపూ చూసిన కన్ను ఇప్పుడు పక్షపాతంతో ఉంది. కనీసం అరగంట, వీలైతే మర్నాటి దాకా ఆగండి. మళ్ళీ తెరిచినప్పుడు ముందు అసలు ఫొటోని చూసి, తర్వాతే ఎడిట్ చేసినదాన్ని చూడండి. ఈ వరస తిరగేస్తే మొదట్లో చెప్పిన పరీక్షలోలాగే అసలు ఫొటో అన్యాయంగా ఓడిపోతుంది. అప్పుడు మొత్తం ఎడిట్‌ని మూడో వంతు తగ్గించండి. మాస్క్‌కి `Amount` స్లైడర్ ఉంటే 100 నుంచి 70కి తీసుకురండి. అది లేని యాప్‌లో అసలు ఫొటో మీద ఎడిట్ చేసినదాన్ని పొరలా పెట్టి, దాని గాఢతను 70 శాతం చేయండి. మూడో వంతే ఎందుకంటే దానికి శాస్త్రమేమీ లేదు, నా లెక్కలో అదొక బండ గుర్తు. ఎడిటింగ్ వేడిలో చేయి ఎప్పుడూ ఎక్కువ వైపే జారుతుంది గనక, తగ్గింపుని ముందే నియమంగా పెట్టుకోవడం మేలు.

ఇంకా అనుమానం ఉంటే మిమ్మల్ని రోజూ చూసే మనిషికి ఫొటో చూపించి, "బాగుందా?" అని కాకుండా "ఇందులో నేనేం మార్చాను?" అని అడగండి. "ఏం మార్చావు?" అని ఎదురు ప్రశ్న వస్తే సరిగ్గా ఉన్నట్టు. "ఏదో తేడాగా ఉంది గానీ చెప్పలేకపోతున్నా" అంటే ఎక్కువైనట్టే, అది దాదాపు ఎప్పుడూ చర్మమో కళ్ళో అయి ఉంటుంది.

ఎక్కువైన ఎడిట్‌ని పట్టించే చోట్లు ముఖం మధ్యలో ఉండవు, అంచుల్లో ఉంటాయి. ముఖం నున్నగా ఉండి చెవి, మెడ గరుకుగా ఉంటాయి. నుదుటి పైన చిన్న జుట్టు చర్మంలోకి కరిగిపోతుంది. గడ్డం ఉన్నవాళ్ళకు గడ్డం మొదలయ్యే చోట వెంట్రుకలు పొగలా మారతాయి. ఆకారం మార్చి ఉంటే కళ్ళద్దాల ఫ్రేమ్ ఒకవైపు వంగుతుంది, వెనకున్న తలుపు అంచు ముఖం దగ్గరికొచ్చేసరికి మెలి తిరుగుతుంది.

వీడియోలో ఏం చేయాలి

లైవ్ ఫిల్టర్ల విషయంలో నాకు మధ్యేమార్గం కనిపించదు. ఫొటోలో అయితే అసలు, నకలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. లైవ్‌లో అసలు ముఖం తెర మీదికి రానే రాదు. నవ్వితే నవ్వే, తల తిప్పితే తిరిగే ఆ ముఖాన్ని మెదడు అద్దంలాగే స్వీకరిస్తుంది. గంటసేపు మీటింగ్‌లో అలాంటి ముఖాన్ని చూడటం అంటే మొదట చెప్పిన పరీక్షని గంటసేపు చేయడమే. జూమ్ మీటింగ్ యాప్‌లో `Touch up my appearance` ఆఫ్ చేసి, `Hide Self View` పెట్టుకోండి. ఎదుటివాళ్ళకు మీరు కనిపిస్తారు, మీకు మీరు కనిపించరు. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు మన ముఖం మనకు కనిపించదు కదా, ఇదీ అంతే.

ఇప్పటికే స్లైడర్ 60లో ఉన్నవాళ్ళు

ఏళ్ళ తరబడి భారీ ఫిల్టర్ వాడినవాళ్ళు ఒక్కసారిగా సున్నాకి వస్తే భయపడి మళ్ళీ 60కే వెళ్ళిపోతారు. అలవాటు పైకి ఎలా ఎక్కిందో కిందికీ అలాగే దిగుతుంది, కాకపోతే మెట్టు మెట్టుగా దింపాలి. ఆకారం స్లైడర్లను మొదటి రోజే ఆపేయండి, దానికి వాయిదా వద్దు. చర్మం స్లైడర్‌ని వారానికి 10 చొప్పున తగ్గించండి. ప్రతి వారం మొదటి రెండు మూడు ఫొటోలు నచ్చవు, అది మామూలే, కన్ను ఇంకా కిందటి వారం మెట్టు మీదే ఉంటుంది. అదే సమయంలో ఫోన్ లాక్‌స్క్రీన్ మీద, ప్రొఫైల్ బొమ్మగా ఉన్న పాత ఫిల్టర్ ఫొటోలను మార్చేయండి. రోజుకు పదిసార్లు కనిపించే బొమ్మ అదే అయితే మీరు ఎంత తగ్గించినా కన్ను అక్కడే ఉండిపోతుంది. గ్యాలరీలో వేరేవాళ్ళు మామూలుగా, మీరు చూసుకోకుండా ఉన్నప్పుడు తీసిన ఫొటోలు వెతికి ఒక ఆల్బంలో పెట్టుకోండి. కొలబద్దగా అవి పనికొస్తాయి.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ముఖంలో ఒక లోపం గురించిన ఆలోచన రోజుకు గంట, అంతకన్నా ఎక్కువ తినేస్తుంటే, దానివల్ల బయటికి వెళ్ళడం, పని మానేయడం దాకా వస్తే, లేదా పదే పదే అద్దం చూసుకోకుండా ఉండలేకపోతుంటే, స్లైడర్ లెక్కలతో తేలే విషయం కాదది. అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక సమస్య కావచ్చు. మాటల ద్వారా చేసే చికిత్సలతో, మందులతో తగ్గించగల సమస్యే. వెళ్ళాల్సింది చర్మవైద్యుడి దగ్గరికో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో కాదు, మానసిక వైద్యుల దగ్గరికి. ఆపరేషన్ చేయించుకున్నా ఆ బాధ సాధారణంగా పోదు, ఒక్కోసారి ముఖంలో ఇంకో చోటికి మారుతుంది.